మోటారు సైకిలుకు యూఎస్‌బీ సాకెట్: వానాకాలంలో తలెత్తే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఛార్జింగ్ వస్తూ పోతూ ఉండటం

ఫోను పెట్టగానే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తుంది, కొన్ని క్షణాలకే పోతుంది, మళ్లీ వస్తుంది. వేసవిలో చక్కగా పనిచేసిన సాకెట్ తొలకరి తర్వాత ఇలా మొదలుపెడితే సాకెట్టే పాడయిందనుకుని చాలామంది కొత్తది కొంటారు. చాలాసార్లు కొత్తదీ నెల తిరిగేసరికి అలాగే చేస్తుంది, ఎందుకంటే లోపం సాకెట్‌లో కాక దానికి విద్యుత్తు తెచ్చే వైర్ల అతుకుల్లో ఉంటుంది.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. అమలాపురం నుంచి రాజోలు మీదుగా అంతర్వేది వైపు చెరువులకు రొయ్యల మేత ఆర్డర్ల కోసం రోజూ తిరిగే ఒక వ్యక్తి బండి అది. సాకెట్ ఎర్ర వైరును ఫ్యూజు ద్వారా బ్యాటరీ ప్లస్‌కు కలిపారు, నల్ల వైరును మాత్రం దగ్గర్లో ఉందని హ్యాండిల్ కింద చాసీకి ఉన్న ఒక బోల్టుకు బిగించారు. ఇంజిను నడుస్తుండగా మల్టీమీటరుతో సాకెట్ వెనుక కొలిస్తే 13.8 వోల్టులు చూపింది. ఈ అంకెను చూసి వైరింగ్ బాగుందనుకుంటే పొరపాటే. ఫోను పెట్టనప్పుడు వైరులో కరెంటు దాదాపు ప్రవహించదు కనుక చిలుము పట్టిన అతుకు కూడా పూర్తి వోల్టేజీనే చూపుతుంది. అసలు లోపం భారం పడినప్పుడే బయటపడుతుంది.

అందుకే ఫోను ఛార్జింగ్‌లో ఉంచి మళ్లీ కొలిచారు. సాకెట్ వద్ద వోల్టేజీ 7 దాకా పడిపోయి వెంటనే పైకి లేస్తూ ఉంది. 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చే మాడ్యూలు తనకు అందే వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, దానితో పాడైన అతుకు వద్ద వోల్టేజీ ఇంకా పడిపోయి మాడ్యూలు ఆగిపోతుంది, భారం తొలగగానే వోల్టేజీ కోలుకుని మళ్లీ మొదలవుతుంది. ఫోనులో గుర్తు వచ్చిపోవడానికి కారణం ఇదే.

లోపం ఎటువైపు ఉందో తేల్చడానికి మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్‌పై, రెండోదాన్ని సాకెట్ ప్లస్‌పై ఉంచాలి. అక్కడ వచ్చే అంకె ఆ దారిలో నష్టపోయే వోల్టేజీ. ఇది 0.3 దాటకూడదు, ఈ బండిలో 0.2 వచ్చింది. అదే విధంగా సాకెట్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలిస్తే 6 వోల్టుల దాకా చూపింది. బోల్టు విప్పితే వైరు చివర ఉండే లోహపు లగ్గు కింద రంగు పూర్తిగా గీకలేదని, మిగిలిన చోట ఆకుపచ్చ చిలుము కట్టిందని తెలిసింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఎర్త్ కోసం చాసీని నమ్మకూడదన్నది నా అభిప్రాయం. నల్ల వైరును కూడా బ్యాటరీ మైనస్ దాకా తీసుకువెళ్లడానికి అదనంగా పట్టేది మీటరు పొడవైన వైరు మాత్రమే.

పరిష్కారం: అతుకులు, తేమ, ఫ్యూజు

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్‌ను విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. ముందుగా ప్లస్‌ను విప్పబోతే స్పానరు చాసీకి తగిలి పెద్ద నిప్పురవ్వ వస్తుంది.

చిలుము పట్టిన వైరు కొన నలుపెక్కి ఉంటే, లోపల రాగి మెరిసే చోటు వరకు కత్తిరించి వేయాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. ఎండకు టేపు జిగురు కరిగి జారుతుంది, ఆ సందులోంచి నీరు రాగి పోగుల వెంట లోపలికి పాకుతుంది. లగ్గును క్రింపింగ్ పటకారుతో నొక్కి, పైన లోపలి వైపు జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవును వేడిచేసి బిగించాలి. సాకెట్ వెనుక టెర్మినళ్లకూ ఇదే పద్ధతి. ముందున్న రబ్బరు మూత, మూసినప్పుడు మాత్రమే, ముందు భాగాన్ని మాత్రమే కాపాడుతుంది. కొందరు వెనుక సిలికాన్ పూస్తారు. పూసినప్పుడు పులిసిన వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది కనుక దానిని వాడకూడదు. సాకెట్ చేరువలో వైరును కొద్దిగా కిందికి వంచి మళ్లీ పైకి తేవాలి, అప్పుడు వాన నీరు చూరు నుంచి జారినట్లు ఆ వంపు వద్దే కారిపోతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరం లోపలే ఉండాలి. అది కాపాడేది సాకెట్‌ను కాదు, వైరును. ఫ్యూజుకు ముందున్న భాగానికి ఏ రక్షణా ఉండదు. 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు ఇచ్చే సాకెట్ అంటే 10 వాట్లు, మాడ్యూలులో పోయే నష్టం కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు ఒక ఆంపియరు లాగుతుంది. దీనికి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, 3 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు, మూత ఉన్న హోల్డరు సరిపోతాయి.

హ్యాండిల్ తిప్పినప్పుడు ఫ్యూజు పోవడం

ఎడమవైపు పూర్తిగా తిప్పినప్పుడే ఫ్యూజు పోతుంటే, స్టీరింగు మెడ దగ్గర ఎర్ర వైరు తొడుగు ఒరిసి రాగి చాసీకి తగులుతోందని అర్థం. వైరును అక్కడ బిగుతుగా కట్టకుండా, రెండు వైపులా పూర్తిగా తిరిగినా లాగకుండా ఉండేంత వదులు ఇచ్చి, ముడతల గొట్టంలోంచి తీసుకువెళ్లాలి. 3 పోయిన చోట 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం, లేదా రాగి పోగు చుట్టడం అంటే తర్వాతిసారి ఫ్యూజుకు బదులు పెట్రోలు ట్యాంకు కింద వైరు కాలడానికి సిద్ధపడటమే.

నాలుగైదు రోజులు నిలిపితే సెల్ఫ్ తీసుకోకపోవడం

నేరుగా బ్యాటరీకి కలిపిన సాకెట్ ఫోను లేకపోయినా కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. వోల్టేజీ అంకెలు వెలిగే రకమైతే మరింత. అది 15 మిల్లీ ఆంపియర్లనుకుంటే రోజుకు 0.36 ఆంపియర్ అవర్లు పోతాయి, అంటే 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారంలో సగం ఖాళీ అవుతుంది. ఎంత పోతోందో చూడాలంటే తాళం తీసేసి, మైనస్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల స్థానంలో మైనస్ కొనకూ వైరుకూ మధ్య కలపాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది.

దీనికి మందు నాలుగు కాళ్ల రిలే, అంటే తాళం తిప్పినప్పుడే సాకెట్‌కు కరెంటు వదిలే స్విచ్చి. దాని ఒక్కో కాలికి ఒక అంకె ఉంటుంది. ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30కి, సాకెట్‌కు వెళ్లేది 87కి, బ్యాటరీ మైనస్ 85కి కలపాలి. 86కు తాళం తిప్పినప్పుడే ప్లస్ వచ్చే వైరు కావాలి. వెనుక బ్రేకు స్విచ్చికి వచ్చే వైరు చాలా బండ్లలో ఇందుకు పనికివస్తుంది, కానీ తాళం వేసి, తీసి మీటరుతో సరిచూసుకున్నాకే కలపాలి. హెడ్‌లైటు వైరు జోలికి మాత్రం పోకూడదు. పాత బండ్లలో కొన్నిటికి హెడ్‌లైటు బ్యాటరీతో కాక నేరుగా మాగ్నెటో నుంచి వచ్చే ఏసీతో వెలుగుతుంది, ఇంజిను వేగంతో పాటు ఆ వోల్టేజీ కూడా మారుతుంది కనుక రిలే నిలకడగా పట్టక కొట్టుకుంటుంది.

అన్నీ సరిగానే ఉన్నా ఛార్జింగ్ ఎక్కకపోవడం

ఫోనుతో కొలిచినప్పుడు సాకెట్ వద్ద 13 వోల్టులకు పైగా నిలకడగా ఉంటే వైరింగ్‌ను వదిలేసి కేబులు మార్చి చూడాలి. సన్నని కేబుళ్లతో మ్యాపు నడుస్తున్న ఫోను వాడేంత కూడా అందదు. ఫోనే తేమ ఉందని హెచ్చరిస్తే దాని రంధ్రం ఆరేదాకా కేబులు పెట్టకూడదు.