ఇరవై రోజుల బ్రేకవుట్‌లో కొనే ముందు

షేరు ధర 20 రోజుల గరిష్ఠాన్ని దాటితే కొని, 10 రోజుల కనిష్ఠం తెగితే అమ్మే డాన్చియన్ ఛానల్ పద్ధతిని తిరుపతిలో మా తమ్ముడు మొదలుపెడుతుంటే వాడి నోట్‌బుక్‌లో రాసిచ్చినవి.

– 20 రోజుల గరిష్ఠంలో ఈరోజును కలపకు. నిన్నటి వరకే చూడు.

– కొనకముందే ఎగ్జిట్ రాసుకో: 10 రోజుల కనిష్ఠం. కొనే ధర 500, ఆ కనిష్ఠం 460 అయితే షేరుకు 40 రూపాయలు రిస్క్. నీ 2 లక్షల్లో ఒక శాతం, అంటే 2,000 మించి పోకూడదు కాబట్టి 50 షేర్లే. మార్కెట్ గ్యాప్‌తో కిందికి తెరుచుకుంటే ఇంకా ఎక్కువే పోతుంది.

– వరసగా పది నష్టాలు రావచ్చు. ప్రతిసారీ మిగిలినదాంట్లో ఒక శాతమే పోయినా చివరికి దాదాపు 1,81,000 ఉంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడతాననుకుంటే షేర్లు ఇప్పుడే తగ్గించుకో. ఏడు దెబ్బలు తిన్నాక ఎనిమిదో సిగ్నల్ మాత్రం వదలకురా. ఈ పద్ధతిలో అన్ని నష్టాలనూ పూడ్చేది ఒకటి రెండు పెద్ద ట్రెండ్లే, అవి ఎప్పుడొస్తాయో ముందే తెలియదు.

– లాభం కనబడగానే అమ్మకు. కనిష్ఠం తెగేదాకా ఆగు.