పీఈటీజీ ట్యూనింగ్: టవర్ బాగా వచ్చింది, పెట్టె మాత్రం పొరలు విడిపోతోంది. సమస్య - పరిష్కారం

3డీ ప్రింటింగ్‌లో ఈ సమస్య దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. పీఎల్ఏ ప్రొఫైల్ చక్కగా పనిచేస్తోంది. దాన్ని క్లోన్ చేసి, పేరు మార్చి, పీఈటీజీకి వాడతారు. టెస్ట్ టవర్ వేస్తే దారాలు సాగుతున్నాయి. ఉష్ణోగ్రతను 245 నుంచి 230 డిగ్రీలకు దించితే టవర్ శుభ్రంగా వస్తుంది. అదే ప్రొఫైల్‌తో అసలు పెట్టె వేస్తే చేత్తో వంచగానే పొర దగ్గర పెళుక్కున విరుగుతుంది. అక్కడి నుంచి కంగారు మొదలై రిట్రాక్షన్, వేగం, ఫ్యాన్ అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఆ తర్వాత బాగా వచ్చినా, దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు.

కింద వాడిన పేర్లు ప్రూసాస్లైసర్‌వి. మిగతా స్లైసర్లలో పేర్లు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

ముందు చూడాల్సింది: మీ మార్పు జీకోడ్‌లోకి వెళ్లిందా?

చాలామంది దాటవేసేది ఇదే. విలువ మార్చారు, సేవ్ చేయలేదు. లేదా సేవ్ చేశారు, ఎక్స్‌పోర్ట్ చేసే వేళకు పాత ఫిలమెంటే ఎంచుకుని ఉంది. జీకోడ్ ఫైలు చివర సెట్టింగులన్నీ కామెంట్ల రూపంలో ఉంటాయి కాబట్టి, పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

```
diff <(grep "^; .* = " a.gcode) <(grep "^; .* = " b.gcode)
```

ప్రింట్ సమయం, వాడిన ఫిలమెంట్, ప్రొఫైల్ పేరు, నోట్స్ ఎలాగూ తేడాగా వస్తాయి. వాటిని వదిలేస్తే మిగిలేది ఒకే ఒక్క సెట్టింగ్ కావాలి. రెండు కనిపిస్తే ఆ ప్రింట్ మొదలుపెట్టకండి. ఫైలు `.bgcode` రకమైతే ఇది పనిచేయదు; ప్రింటర్ సెట్టింగుల్లో `Supports binary G-code` తీసేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి.

క్లోన్ చేసేది కూడా ఫిలమెంట్ ప్రొఫైల్ ఒక్కటే. పొర ఎత్తు, గోడల సంఖ్య, వేగాలు ఉండే ప్రింట్ ప్రొఫైల్‌ను అలాగే ఉంచండి. రెండూ క్లోన్ చేస్తే ఏ తేడా ఎటునుంచి వచ్చిందో వెతకడానికే సగం రోజు పోతుంది. ప్రతి అడుగుకూ `PETG_03_T240` లాంటి పేరుతో కొత్త కాపీ సేవ్ చేసి, ఏం మార్చారో, ఏం కనిపించిందో `Notes` ట్యాబ్‌లో ఒక వాక్యం రాయండి.

ఇంకొకటి, మీరు ముట్టుకోకుండానే మారిపోయేది: తేమ. వానాకాలంలో కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో బయట వదిలేసిన పీఈటీజీ రీలు నీళ్లు పీల్చుకుంటుంది. నాజిల్ దగ్గర చిటపటమని చప్పుడు, గోడల మీద సన్నని బుడగలు కనిపిస్తే ట్యూనింగ్ ఆపి, 65 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టండి. తడి రీలు మీద కుదిర్చిన అంకెలు ఎండిన రీలుకు సరిపోవు.

అసలు కారణం: మీరు మార్చింది ఒకటే, స్లైసర్ మార్చినవి ఇంకో రెండు

ఫిలమెంట్ సెట్టింగుల్లో `Cooling` కింద `Slow down if layer print time is below` అని ఉంటుంది. ఒక పొర అంతకన్నా తొందరగా అయిపోతుంటే, స్లైసర్ తనంతట తానే వేగం తగ్గించి సమయాన్ని సాగదీస్తుంది. కింది పొర గట్టిపడటానికి అది అవసరమే. చిక్కంతా టెస్ట్ టవర్ చిన్నది కావడంతో వస్తుంది.

లెక్క చూడండి. పొర ఎత్తు 0.2, గీత వెడల్పు 0.45 మి.మీ., వేగం సెకనుకు 45 మి.మీ. అనుకుందాం. మూడూ గుణిస్తే సెకనుకు సుమారు 4 ఘన మి.మీ. ప్లాస్టిక్ కరిగి బయటికి రావాలి. టవర్‌లో ఒక పొరకు 5 సెకన్లు చాలు. పీఎల్ఏ నుంచి వచ్చిన క్లోన్‌లో ఆ హద్దు 15 సెకన్లుగా ఉంటే వేగం మూడో వంతుకు, అంటే 15కి పడిపోతుంది. ప్రవాహం కూడా 1.3 దగ్గరికి దిగుతుంది.

అంటే టవర్ వేసేటప్పుడు ప్లాస్టిక్ హాటెండ్‌లో మూడింతల సేపు ఉడుకుతోంది. పలచబడి కారుతుంది, దారాలు సాగుతాయి. దాన్ని చూసి మీరు ఉష్ణోగ్రత దించేస్తారు. పెట్టెలో ఒక పొరకు 90 సెకన్లు పడుతుంది కాబట్టి అక్కడ వేగం తగ్గదు. మూడింతల ప్రవాహం, 15 డిగ్రీల తక్కువ వేడి, పైగా కింది పొర నిమిషంన్నర పాటు చల్లారిపోయి ఉంది. ఇక అతుక్కునేదెలా?

ఫ్యాన్ కూడా ఇలాగే మారుతుంది. `Min`, `Max` వేర్వేరుగా ఉంటే చిన్న పొరలకు గరిష్ఠం, పెద్ద పొరలకు కనిష్ఠం నడుస్తుంది. అలా టవర్‌కు ఒక గాలి, పెట్టెకు ఒక గాలి.

గుర్తుపట్టడం తేలిక. స్లైస్ చేశాక ప్రివ్యూలో రంగుల జాబితాను `Speed`కు మార్చండి. గోడలకు 45 పెట్టిన చోట 15 కనిపిస్తే దొరికిపోయినట్టే. తర్వాత `Fan speed` చూడండి, టవర్‌కూ పెట్టెకూ పోల్చండి. వేగం ఎంత పెంచినా ప్రింట్ సమయం మారకపోవడం కూడా దీని గుర్తే.

సరిచేయడం

ఆ హద్దును సున్నా చేయకండి. టవర్ మెత్తబడి వంగిపోతుంది, అది ఇంకో అబద్ధపు ఫలితం. టవర్‌ను పక్కనపెట్టి, అసలు వస్తువు నుంచే ముక్క తీసుకోండి. `Cut` సాధనంతో పెట్టె నుంచి 15 మి.మీ. ఎత్తున్న భాగం ఉంచి మిగతాది తీసేస్తే పొర సమయం అసలు ప్రింట్‌దే వస్తుంది. ఫ్యాన్ `Min`, `Max` రెండూ 40 పెట్టి స్థిరం చేయండి. మొదలు 245 డిగ్రీలు. ప్రివ్యూ పక్కనున్న స్లైడర్‌ను 5 మి.మీ. ఎత్తుకు జరిపి, ప్లస్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి `Add custom G-code`లో ఇది ఇవ్వండి:

```
M104 S240
```

10 మి.మీ. దగ్గర `M104 S235`. నాజిల్ చల్లారడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ప్రతి మెట్టులో మొదటి మిల్లీమీటరును లెక్కలోకి తీసుకోవద్దు. పూర్తిగా చల్లారాక గోడను వంచి, ఏ మెట్టులో విరిగిందో చూడండి. విరగని మెట్లలో అన్నింటికంటే తక్కువ వేడి ఉన్నదాన్ని ఎంచుకుని సేవ్ చేయండి. మిగిలిన దారాల సంగతి రిట్రాక్షన్‌తో, తర్వాతి కాపీలో చూసుకోవచ్చు. వరుస ముఖ్యం: ఉష్ణోగ్రత, తర్వాత `Extrusion multiplier`, ఆఖర్న రిట్రాక్షన్. వేడి మారితే కింది రెండూ కదిలిపోతాయి.

మిగతావి, క్లుప్తంగా

రిట్రాక్షన్ ఎంత మార్చినా తేడా లేదంటే `Filament Overrides` ట్యాబ్ తెరవండి. అక్కడ టిక్కు ఉంటే ప్రింటర్ సెట్టింగుల్లోని విలువను స్లైసర్ పట్టించుకోదు.

పెద్ద వస్తువులో కూడా వేగం ఒక అంకె దాటకపోతే `Max volumetric speed` అడ్డుపడుతోంది. అక్కడ 8 ఉంటే, పైన చెప్పిన పొరకు సెకనుకు 90 మి.మీ. చుట్టుపక్కలే ఆగుతుంది.

మూలలు ఉబ్బుతుంటే ఫిలమెంట్ స్టార్ట్ జీకోడ్‌లో పీఎల్ఏ నాటి `M900 K` మిగిలిపోయిందేమో చూడండి. ఆ వరుసను తీసేస్తే సరిపోదు, ముందటి ప్రింట్ విలువ ఫర్మ్‌వేర్‌లో నిలిచే ఉండొచ్చు. పీఈటీజీకి తగిన విలువతో మళ్లీ రాయాలి.

నాజిల్ అరగడం, థర్మిస్టర్ తప్పు చూపించడం లాంటివి అరుదు. పాత పీఎల్ఏ ప్రొఫైల్ ఇప్పటికీ బాగానే ప్రింట్ చేస్తుంటే వాటి జోలికి వెళ్లక్కర్లేదు.