వాన పడలేదా, చూడలేదా? జూన్ ఒకటికి ముందే వర్షపాతం పట్టికలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొన్నేళ్ల కిందట ఒక మండలం వర్షపాతం లెక్కలు కలుపుతుంటే ఒక కేంద్రం దగ్గర ఆగిపోయాను. జూలైలో వరసగా తొమ్మిది రోజులు 0.0. పక్క ఊళ్ల రెండు కేంద్రాల్లో అవే రోజుల్లో మంచి వాన. ఆ ఊరి చెరువు అలుగు పారిందని కూడా అప్పటికే విన్నాను. రిజిస్టర్ రాసే అతనికి ఫోన్ చేశాను.

"అన్నా, ఆ తొమ్మిది రోజులు నిజంగా చినుకు పడలేదా?"

"చెల్లెలి పెళ్లికెళ్లాను సార్. వచ్చాక చూస్తే గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉంచితే అడుగుతారని సున్నాలు పెట్టేశా."

అతను మోసం చేద్దామని రాయలేదు. గడి ఖాళీగా ఉంటే తప్పు, ఏదో ఒక అంకె ఉంటే ఒప్పు అని అతనికి అర్థమయ్యేలా మేమే పట్టిక గీశాం. పెళ్లికెళ్లానని చెప్పుకోవడానికి అందులో చోటే లేదు. అందుకే ఈ జాగ్రత్తలన్నీ మే నెలలోనే, పేజీలు గీసేటప్పుడే తీసుకోవాలి. ఆగస్టులో కూర్చుని ఏ సున్నా నిజమో ఏది కాదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

మొదటిది, వాన పడని రోజు కూడా రాయాలి. రోజూ ఉదయం 8.30కి రెయిన్ గేజ్ సీసా తీసి, అందులో చుక్క లేకపోతే 0.0 అని చేత్తో రాయాలి. చాలా రిజిస్టర్లలో వాన పడితే అంకె వేస్తారు, పడకపోతే గడి వదిలేస్తారు. ఆ అలవాటు ఉన్నచోట ఖాళీ గడికి రెండు అర్థాలు వస్తాయి: ఒకటి 'చూశాను, ఏమీ లేదు', రెండోది 'అసలు చూడలేదు'. 0.0 అంటే ఒక మనిషి అక్కడిదాకా వెళ్లి సీసా చూశాడని. అది కూడా ఒక కొలతే.

గీతలు కూడా మానేయాలి. ఒకాయనకి '-' అంటే సున్నా, ఇంకొకాయనకి అదే గీత సమాచారం లేదని. ఎన్.ఏ. సంగతి ఇంకా ఘోరం. నాట్ అవైలబుల్ అన్నా అదే, నాట్ అప్లికబుల్ అన్నా అదే. ఒకటి 'ఉండాల్సింది, కానీ లేదు'. ఇంకోటి 'ఉండాల్సిన పనే లేదు'. ఈ రెంటినీ ఒకే రెండక్షరాలతో రాసి కింద వివరణ ఇవ్వకపోతే చదివేవాడు లాటరీ తీసుకోవాల్సిందే.

వర్తించకపోవడం వానలో ఎక్కడుంటుందని అడుగుతారు. మన పట్టికలోనే ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నిలువు వరసలు, 31 అడ్డ వరసలు గీస్తాం. మొత్తం 124 గడులు. సీజన్‌లో ఉన్నవి 122 రోజులే. జూన్ 31, సెప్టెంబర్ 31 అనే రోజులు లేవు, వాటికి మాత్రం గడులున్నాయి. ఆ రెండింటినీ ఊరికే వదిలేస్తే ఖాళీల లెక్క తీసినప్పుడు అవి కూడా చదవని రోజుల్లో కలుస్తాయి. ఇంకెవరైనా ఖాళీలన్నీ సున్నాలతో నింపేశారంటే జూన్ 31న వాన పడలేదని మన పట్టిక సాక్ష్యం చెబుతుంది!

ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, జూలై 11న కొత్తగా పెట్టిన గేజ్ దగ్గర ఇదే పొరపాటు కాస్త గట్టిగా తగులుతుంది. దానికి జూన్ 30 రోజులు, జూలైలో పది రోజులు వర్తించవు. మిగిలినవి 82. అందులో నాలుగు రోజులు చదవలేదనుకుందాం. అంటే 82కి 78 రోజుల లెక్క ఉంది, చక్కగా నడిచిన కేంద్రమే. వర్తించని రోజుల్ని కూడా 'చదవలేదు' అని రాస్తే 122కి 78 అవుతుంది. అప్పుడు పాపం ఆ కేంద్రం చూసుకునే మనిషికి మెమో వస్తుంది. చదవని రోజు మన లోటు కిందకి వస్తుంది, వర్తించని రోజు అసలు లెక్కలోకే రాదు. రెండు గుర్తులు వేరుగా పెట్టుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మేము వాడే పద్ధతి ఇది. తేదీ పక్కన రెండు వరసలు ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లకు, అందులో అంకె తప్ప ఇంకేమీ రాయకూడదు. రెండోది గుర్తుకు. చదవకపోయి, ఆ నీళ్లు తర్వాత కూడా దొరక్కపోతే `M`, వర్తించకపోతే `X`. కొలవడానికి చాలని తడి, అంటే 0.1 మి.మీ. కన్నా తక్కువ ఉంటే అంకె 0.0, గుర్తు `T`. ఒక రోజు సీసా తీయకపోతే, ఆ నీళ్లు మర్నాటి కొలతలో కలిసిపోతాయి. ఆ చదవని రోజుకి `S`, రెండు రోజులవీ కలిపి కొలిచిన రోజుకి `S2`. ఏ గుర్తూ లేకపోతే మామూలు కొలత అని. ఈ గుర్తుల అర్థాలు పేజీ అడుగున కాకుండా పైనే రాయండి. అడుగున రాస్తే జిరాక్స్‌లో తెగిపోతాయి.

కలిసిపోయిన రోజుల సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒక ఊహా పట్టిక, జూలై మొదటి పది రోజులు:

| తేదీ | మి.మీ. | గుర్తు |
|---|---|---|
| 1 | 0.0 | |
| 2 | 12.4 | |
| 3 | 0.0 | `T` |
| 4 | 0.0 | |
| 5 | 38.2 | |
| 6 | | `S` |
| 7 | 21.0 | `S2` |
| 8 | 0.0 | |
| 9 | | `M` |
| 10 | 5.6 | |

6వ తేదీ ఆదివారం, ఆఫీసు గేటుకి తాళం. సీసాలో నీళ్లు అలాగే ఉన్నాయి, సోమవారం రెండు రోజులకూ కలిపి 21.0 వచ్చింది. 9న గేజ్ పక్కకి ఒరిగి నీళ్లు నేలపాలయ్యాయి. ఆ నీళ్లు ఇక రావు.

మొత్తం 77.2 మి.మీ. దాన్ని ఎన్నింటితో భాగించాలి? ఖాళీలన్నీ సున్నాలనుకున్నవాడు పదితో భాగించి 7.72 అంటాడు. ఖాళీలన్నీ వదిలేసినవాడు ఎనిమిదితో భాగించి 9.65 అంటాడు. రెండూ తప్పే. 6వ తేదీ వాన 21.0లో ఉంది కాబట్టి ఆ రోజుని లెక్కలోంచి తీసేయకూడదు. 9వ తేదీ వాన ఎక్కడా లేదు కాబట్టి దాన్ని కలుపుకోకూడదు. తొమ్మిదితో భాగిస్తే 8.58. కాగితం మీద రెండు గడులూ ఒకేలా ఖాళీగా ఉన్నాయి, పక్కన ఉన్న గుర్తు వల్లే ఈ తేడా తెలిసింది.

వాన రోజులు లెక్కపెట్టినా అంతే. 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ పడితేనే వాన రోజు. 2, 5, 10 తేదీలు ఖాయం. 6, 7 కలిసి 21.0 కాబట్టి వాటిలో ఒకటైనా వాన రోజే, రెండూ కావచ్చు. 9 సంగతి తెలియదు. కాబట్టి నిజాయతీగా రాస్తే 'కనీసం 4, గరిష్ఠంగా 6'. పైవాళ్లకి ఒకే అంకె కావాలంటే 4 వేసి, రెండు రోజులు కలిసిపోయాయనీ ఒక రోజు లెక్క లేదనీ పక్కన రాయండి.

ఇక ఎక్సెల్. రిజిస్టర్లో సరిగ్గా ఉన్నది కూడా ఇక్కడికొచ్చాక చెడిపోతుంది. `AVERAGE` ఖాళీ గడుల్ని వదిలేస్తుంది, సున్నాల్ని కలుపుకుంటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒక షీట్‌లోని ఖాళీ గడిని ఇంకో షీట్‌లోకి `=Sheet1!C7` తరహాలో లాగితే అది 0 అయి వస్తుంది. మండలాల షీట్ల నుంచి జిల్లా షీట్ తయారు చేసేవాళ్ల దగ్గర సున్నాలు ఎక్కువగా పుట్టేది ఈ దారిలోనే. ఇలా లాగండి:

```
=IF(Sheet1!C7="","",Sheet1!C7)
```

ఇంకో తిరకాసు అకౌంటింగ్ ఫార్మాట్. గడిలో నిజంగా 0 ఉన్నా తెర మీద '-' చూపిస్తుంది. రిజిస్టర్లో గీతలు మాన్పించి ఇక్కడ తెచ్చుకున్నట్టవుతుంది. ఆ వరసకి మామూలు నంబర్ ఫార్మాట్, ఒక దశాంశ స్థానం పెట్టండి. చదవని రోజుకి 999 లాంటి అంకె వేసే పాత అలవాటు ఉంటే అదీ వదిలేయాలి. పై పట్టికలో 9న 999 వేస్తే పది రోజుల వాన 1076.2 మి.మీ. అవుతుంది. అంత పెద్దది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు, కానీ ఏడాది మొత్తంలో కలిశాక ఎవరూ పట్టుకోరు.

పది రోజుల పట్టికలో మి.మీ. C నిలువు వరసలో, గుర్తు D నిలువు వరసలో, తేదీలు 2వ అడ్డ వరస నుంచి 11 దాకా ఉంటే సరైన సగటు ఇలా వస్తుంది:

```
=SUM(C2:C11)/(COUNT(C2:C11)+COUNTIF(D2:D11,"S"))
```

నెల ముగిశాక ఏ గడీ ఊరికే వదిలేయలేదని చూసుకోవడానికి ఇది:

```
=COUNT(C2:C32)+COUNTIF(D2:D32,"M")+COUNTIF(D2:D32,"X")+COUNTIF(D2:D32,"S")
```

జవాబు 31 రావాలి. 30 వస్తే ఒక గడికి అంకే లేదు, గుర్తూ లేదు. ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి తప్ప మనమే నింపేయకూడదు.

ఈ లెక్క పట్టుకోలేనిది ఒకటుంది: యంత్రం చెప్పే అబద్ధపు సున్నా. ఆటోమేటిక్ కేంద్రాల్లో నీళ్లు గరాటులోంచి చిన్న తూగు బకెట్‌లోకి పడతాయి, అది నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క. గరాటులో ఆకో పిట్ట రెట్టో అడ్డుపడితే బకెట్ కదలదు. యంత్రం మాత్రం నిజాయతీగా 0.0 పంపుతూనే ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే అసలు సమాచారమే రాదు కాబట్టి వెంటనే తెలుస్తుంది, ఇది తెలియదు. చుట్టుపక్కల కేంద్రాలన్నీ 20 మి.మీ. దాటి చూపిస్తూ మధ్యలో ఇదొక్కటి సున్నా చూపిస్తే అనుమానించాలి. వాన వెలిశాక కూడా గంటల తరబడి ఒకే వేగంతో సన్నటి జల్లు నమోదవుతుంటే అది వాన కాదు, మూసుకుపోయిన గరాటులోంచి కారుతున్న నీళ్లు. మనిషి వెళ్లి గరాటు చూసి అడ్డు ఉందని తేలాక ఆ 0.0 తీసేసి `M` పెట్టండి. పక్కన మూడో వరసలో యంత్రం పంపిన అసలు అంకెనీ, మార్చిన తేదీనీ ఉంచండి. పక్క ఊరి లెక్కలు చూసి 'సుమారు పదిహేను ఉండొచ్చు' అని ఆ గడిలో రాయడం మాత్రం వద్దు. అంచనా కావాల్సిన వాళ్లు వేరే వరసలో వేసుకుంటారు.

పెళ్లికెళ్లినతని రిజిస్టర్లో ఆ తొమ్మిది సున్నాలూ కొట్టేసి తొమ్మిది `M`లు పెట్టించాను. తిరిగొచ్చిన రోజు సీసాలో ఎంత ఉందో అడిగాను. "నిండిపోయి బయటికి పోయింది సార్, పారబోశా" అన్నాడు. ఆ నీళ్లు కొలిచి ఉంటే ఎనిమిది రోజులకి `S`, చివరిదానికి `S9` పడేది, కనీసం 'ఇంతకు తక్కువ కాదు' అని ఒక అంకె అయినా దక్కేది.