శాతాల లెక్కలు, 4వ పాఠం: జవాబు 20 కాదు, 30

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ఇది: ఒక సర్వేలో 65 శాతం మంది టీ ఇష్టమన్నారు, 55 శాతం మంది కాఫీ ఇష్టమన్నారు, 10 శాతం మంది టీ గానీ కాఫీ గానీ ఇష్టం లేదన్నారు. రెండూ ఇష్టమైనవాళ్లు ఎంత శాతం? ఎక్కువమంది పంపిన జవాబు 20. సరైన జవాబు 30. ఈసారి మూడు వృత్తాల లెక్కలు మొదలుపెట్టాల్సింది. కానీ ఈ తప్పును దిద్దుకోకుండా అక్కడికి వెళితే ప్రతి లెక్కలోనూ ఇదే అడ్డం వస్తుంది. కాబట్టి మూడు వృత్తాలు వచ్చే పాఠానికి.

20 ఎలా వచ్చిందో చూద్దాం. 65, 55 కలిపితే 120. అందులోంచి 100 తీసేశారు, 20 మిగిలింది. ఈ తీసివేతలో, అడిగిన వాళ్లందరికీ కనీసం ఒకటైనా ఇష్టమేనన్న ఊహ దాగి ఉంది. లెక్కలో మాత్రం 10 మందికి ఏదీ ఇష్టం లేదని స్పష్టంగా ఉంది.

శాతాలను పక్కనపెట్టి సరిగ్గా 100 మందిని అడిగారనుకోండి. నేను ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను, మనుషులుగా చూస్తే తప్పు త్వరగా దొరుకుతుంది. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, దాని మీద టీ, కాఫీ అని రెండు గళ్లు. ఇష్టమైనదానికి టిక్కు పెట్టాలి. టీ గడిలో 65 టిక్కులు, కాఫీ గడిలో 55, మొత్తం 120. 10 మంది ఖాళీ కాగితం ఇచ్చారు, అంటే టిక్కు పెట్టినవాళ్లు 90 మందే. తలా ఒకటి చొప్పున 90 టిక్కులు పోగా ఇంకా 30 ఉన్నాయి. ఒక మనిషి రెండుకు మించి టిక్కులు పెట్టలేడు కనుక ఆ 30 అదనపు టిక్కులు 30 మంది వేర్వేరు మనుషులవి. రెండూ ఇష్టమైనవాళ్లు వాళ్లే.

మూడు వృత్తాలకు వెళ్లాక ఈ చివరి మాట చెల్లదు. అక్కడ ఒకే మనిషి రెండు అదనపు టిక్కులు పెట్టగలడు. ఇప్పటికి ఆ సంగతి గుర్తుంటే చాలు.

ఇక చిత్రం. ఒకదాని మీదికి ఒకటి వచ్చే రెండు వృత్తాలు గీయడం నేర్పనక్కర్లేదు. కానీ వృత్తాలకన్నా ముందు వాటి చుట్టూ ఉండే పెట్టె గీయండి. 20 అని రాసినవాళ్లలో చాలామంది పెట్టె గీయలేదు. పెట్టె లేకపోతే ఆ 10 మందిని పెట్టడానికి చోటే ఉండదు, దాంతో వాళ్లు లెక్కలోంచి జారిపోతారు. పెట్టె గీశాక నాలుగు గదులు కనిపిస్తాయి: టీ మాత్రమే, రెండూ, కాఫీ మాత్రమే, ఏదీ కాదు. ముందు బయటి గదిలో 10 రాయండి. తర్వాత మధ్య గదిలో 30. పక్క గదులు ఆఖరున: 65 లోంచి 30 తీస్తే టీ మాత్రమే 35, 55 లోంచి 30 తీస్తే కాఫీ మాత్రమే 25. నాలుగూ కూడితే 35 + 30 + 25 + 10 = 100.

ఈ కూడిక తప్పకుండా చేయాలి. మధ్యలో 20 పెట్టినవాళ్లు ఇది చేసి ఉంటే 45 + 20 + 35 + 10 = 110 వచ్చేది, తప్పు అక్కడే దొరికేది. అసలు సర్వేల్లో శాతాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించి ఇస్తారు కాబట్టి మొత్తం 99 గానో 101 గానో తేలవచ్చు. 110 మాత్రం సవరింపు వల్ల రాదు.

అన్నిటికన్నా మొండి తప్పు ఇంకొకటుంది. మధ్యలో 30 సరిగ్గానే పెట్టి, టీ పక్క గదిలో నేరుగా 65 రాసేశారు. 'టీ ఇష్టమైనవాళ్లు 65 శాతం' అన్నప్పుడు ఆ 65 లో కాఫీ కూడా ఇష్టమైనవాళ్లు ఉన్నారు. అది టీ వృత్తం మొత్తానికి చెందిన అంకె, గదిది కాదు. 'టీ మాత్రమే ఇష్టమైనవాళ్లు', 'టీ ఇష్టమే కానీ కాఫీ ఇష్టం లేనివాళ్లు', 'ఒక్క టీయే ఇష్టమన్నవాళ్లు' అంటేనే అది గది అంకె. 'మాత్రమే' గానీ దానికి సమానమైన మాట గానీ వాక్యంలో లేకపోతే గదిలో రాయడానికి వీల్లేదు. 'కాఫీతో పాటు టీ కూడా ఇష్టమైనవాళ్లు' అంటే మధ్య గది. 'టీ లేదా కాఫీ ఇష్టమైనవాళ్లు' అంటే రెండు వృత్తాలూ కలిపి, మధ్య గదితో సహా, మన లెక్కలో 90. 'రెండిట్లో ఒక్కటే ఇష్టమైనవాళ్లు' అంటే మధ్య గదిని వదిలేసి 35 + 25 = 60. ఇన్నిటికీ నేను పాటించే పద్ధతి ఒక్కటే: వృత్తం మొత్తపు అంకెను వృత్తం బయట, దాని పేరు పక్కన రాస్తాను. గది అంకెలను మాత్రమే లోపల రాస్తాను. ఇలా చేస్తే 65 ను గదిలోకి తోసే అవకాశమే ఉండదు.

ఇలాంటిదే, పైకి కనపడని మెలిక: 'టీ ఇష్టమైనవాళ్లలో 40 శాతం మందికి కాఫీ కూడా ఇష్టం.' ఇక్కడ 40 ని మధ్య గదిలో పెట్టకూడదు. 'వాళ్లలో' అన్న మాట రాగానే శాతం 100 మంది మీద కాదు, ఆ వృత్తంలోని వాళ్ల మీదే. టీ ఇష్టమైనవాళ్లు 60 మంది అనుకుంటే 60 లో 40 శాతం 24. మధ్య గదికి వచ్చేది 24. అదే లెక్కలో 'కాఫీ ఇష్టమైనవాళ్లలో సగం మందికి టీ కూడా ఇష్టం' అని ఉందనుకోండి. మధ్య గది ఒక్కటే, కాబట్టి ఆ సగం కూడా ఈ 24 మందే, కాఫీ వృత్తం మొత్తం 48. గదులు 36, 24, 24, బయట 16. అదే 24 మంది టీ వైపు నుంచి 40 శాతం, కాఫీ వైపు నుంచి 50 శాతం, మొత్తం మీద 24 శాతం. మూడూ నిజమే, గదిలో రాసేది మాత్రం మూడోదే.

అభ్యాసానికి రెండు.

మొదటిది: టీ 72 శాతం, కాఫీ 63 శాతం, ఏదీ ఇష్టం లేనివాళ్లు ఎంతమందో చెప్పలేదు. రెండూ ఇష్టమైనవాళ్లకు ఒకే జవాబు రాదు. కనిష్ఠం 35, గరిష్ఠం 63. ఈ రెండు సందర్భాలకూ చిత్రాలు గీసి, బయటి గదిలో ఎంత ఉంటుందో రాయండి.

రెండోది కష్టమైనది, గంట పట్టినా చేయండి. టీ ఇష్టమైనవాళ్లలో మూడో వంతు మందికి కాఫీ కూడా ఇష్టం. కాఫీ ఇష్టమైనవాళ్లలో సగం మందికి టీ కూడా ఇష్టం. 12 శాతం మందికి ఏదీ ఇష్టం లేదు. కాఫీ మాత్రమే ఇష్టమైనవాళ్లు 66 మంది. సర్వేలో మొత్తం ఎంతమందిని అడిగారు? మధ్య గదిని ఒక భాగం అనుకుని మిగతా గదులు ఎన్ని భాగాలో ముందు తేల్చండి. జవాబు 300 రావాలి. అది రాకపోతే మీ నాలుగు గదుల అంకెలు పంపండి, 300 కోసం వెనక్కి లెక్కకట్టినవి వద్దు.