సరుకు చేరేలోపు కొనుగోలుదారుకు రాయవలసిన లేఖ: ఐదో పాఠం

గత పాఠం చివర ఇచ్చిన లేఖను చాలామంది రాసి పంపారు. మర్యాదలో ఎవరికీ లోటు లేదు. బరువు దగ్గరే సగానికి పైగా తప్పారు. అందుకే ఈసారి అనుకున్న బీమా పత్రాలను పక్కన పెడుతున్నాను.

మన ఉదాహరణ గుర్తుందిగా? ఏనుమాముల మార్కెట్లో కొన్న ఎండుమిర్చి చెన్నై రేవు నుంచి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు వెళ్తోంది. నలభై అడుగుల కంటైనర్, 560 బస్తాలు, బస్తాకు 25 కిలోల మిర్చి. నికర బరువు 14,000 కిలోలు. ఖాళీ బస్తా 200 గ్రాములు. (నేను ఒక్కటి తూచను, పది కలిపి తూచి పదితో భాగిస్తాను. ఒక్కదాన్ని తూస్తే మన కాటా అబద్ధం చెబుతుంది.) అంటే గోనెల బరువు 112 కిలోలు, స్థూల బరువు 14,112. ప్యాకింగ్ లిస్ట్‌లోనూ, బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ ఉండవలసిన అంకె ఇదే.

మీరు రాసింది 18,050. అది వీజీఎం, అంటే సరుకుతో సహా కంటైనర్‌కు ధ్రువీకరించిన మొత్తం బరువు. నింపిన కంటైనర్ మొత్తం బరువును ధ్రువీకరించి ఇవ్వకపోతే ఓడలోకి ఎక్కించరాదన్న నిబంధన 2016 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆ అంకెలో మన 14,112తో పాటు లోపల పరిచిన కాగితం 38 కిలోలు, కంటైనర్ సొంత బరువు 3,900 కూడా కలిసి ఉంటాయి. అది ఓడ వాళ్లకు కావలసిన బరువు. కొనుగోలుదారుడు ఆ అంకెతో తన కస్టమ్స్ పత్రం నింపితే బిల్ ఆఫ్ లేడింగ్‌తో పొసగదు, సరుకు రేవులో ఆగుతుంది. ఆగిన రోజులకు అద్దె ఆయనకు, చివాట్లు మనకు. నేనూ ఒకసారి తిన్నాను.

తప్పును పసిగట్టడం సులువే. రెండు పత్రాల బరువుల మధ్య తేడా నాలుగు టన్నులకు దగ్గరగా ఉంటే కంటైనర్‌ను కూడా తూచేశారన్నమాట. ఇరవై అడుగులదైతే తేడా రెండు టన్నుల పైచిలుకు ఉంటుంది. కంటైనర్ సొంత బరువు దాని తలుపు మీదే రాసి ఉంటుంది, అంచనా వేయకండి.

ఇక కంటైనర్ నంబరు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు: CSQU3054383 లాగా. తలుపు మీద చివరి అంకె చిన్న పెట్టెలో విడిగా ఉంటుంది కనుక దాన్ని వదిలేస్తున్నారు. అది ముందున్నవాటిని సరిచూసే అంకె. అది లేకుండా పంపితే కొనుగోలుదారుడు ఓడ కంపెనీ వెబ్‌సైట్లో వెతికినా కంటైనర్ దొరక్కపోవచ్చు. సీలు వేశాక తలుపు ఫొటో తీసి, నంబర్లు దాన్ని చూసే టైపు చేయండి. ఓడ పేరు, ప్రయాణ సంఖ్య, చేరే తేదీ ఎలా రాయాలో మీకు తెలుసు.

అభ్యాసం: ఇరవై అడుగుల కంటైనర్. వీజీఎం 9,320 కిలోలు, కంటైనర్ సొంత బరువు 2,230, లోపలి కాగితం 20. బస్తాలు 280, ఖాళీ బస్తా 250 గ్రాములు. ప్యాకింగ్ లిస్ట్‌లో స్థూల బరువు 7,090 అని ఉంది. అది ఎందుకు తప్పో, నికర బరువు ఎంతో తేల్చి, సవరణ కోరుతూ నాలుగు వాక్యాల లేఖ రాయండి. ఐదో వాక్యం ఉంటే దిద్దను.