బ్రిటన్‌లో ఇంజినీరింగ్ ఉద్యోగం: కంపెనీ వీసా స్పాన్సర్ చేస్తుందో లేదో ముందే అంచనా వేయడం

బ్రిటన్‌లో ఉద్యోగం వెతికేవారు చాలామంది హోమ్ ఆఫీస్ ప్రచురించే లైసెన్సు పొందిన స్పాన్సర్ల జాబితాలో కంపెనీ పేరు కనిపించగానే దరఖాస్తు పంపేస్తారు. ఆ జాబితాలో పేరు ఉంటే కంపెనీకి స్పాన్సర్ చేసే అనుమతి ఉన్నట్టే గాని, మీరు చూస్తున్న ఉద్యోగానికి చేస్తుందని కాదు. పేరు పక్కనున్న రూట్ అనే గడిని తప్పక చదవండి. అక్కడ స్కిల్డ్ వర్కర్ అని లేకుండా గ్లోబల్ బిజినెస్ మొబిలిటీ మాత్రమే ఉంటే, ఆ లైసెన్సు ప్రధానంగా తమ విదేశీ శాఖల ఉద్యోగులను రప్పించుకోవడానికి, కాబట్టి బయటివారికి దానితో ఉపయోగం ఉండదు. ప్రకటనలోని వ్యాపార నామం, జాబితాలోని చట్టబద్ధమైన పేరు వేర్వేరుగా ఉండవచ్చు గనుక అసలు పేరును కంపెనీ వెబ్‌సైట్ అడుగుభాగంలో చూసుకుని వెతకాలి.

నా దృష్టిలో జాబితా కన్నా జీతమే ఎక్కువ చెబుతుంది. 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు, లేదా ఆ ఉద్యోగానికి వర్తించే ప్రభుత్వ వృత్తి కోడ్‌కు నిర్ణయించిన రేటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. ఒక సివిల్ డిజైన్ ఇంజినీర్ ఉద్యోగానికి 36,000 నుంచి 40,000 పౌండ్లు ఇస్తామని ప్రకటించారనుకోండి. గరిష్ఠ మొత్తం ఇచ్చినా సాధారణ పరిమితికి అది చాలదు. బోనస్‌ను కలిపి లెక్క సరిపెట్టడానికీ వీల్లేదు. అయితే 26 ఏళ్లలోపు వారికి, స్టూడెంట్ లేదా గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవారిలో అర్హులకు న్యూ ఎంట్రంట్ సడలింపు ఉంది: 33,400 పౌండ్లు, వృత్తి రేటులో 70 శాతం, వీటిలో ఎక్కువైనది చాలు. అంటే అదే ప్రకటన ఒకరికి మూసిన తలుపు, ఇంకొకరికి తెరిచిన దారి. ఈ సడలింపు గ్రాడ్యుయేట్ వీసాపై గడిపిన కాలంతో కలిపి మొత్తం నాలుగేళ్లకే వర్తిస్తుంది కాబట్టి, ఆ తరువాత జీతం పూర్తి పరిమితికి చేరుతుందా అని కంపెనీ కూడా ఆలోచిస్తుంది.

పని చేసే హక్కు ఉండాలని రాసిన వాక్యం దాదాపు ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తుంది; దాన్ని తిరస్కారంగా తీసుకోనక్కరలేదు. స్పాన్సర్‌షిప్ ఇవ్వలేమని నేరుగా రాసినా, భద్రతా అనుమతి కోసం దేశంలో ఐదేళ్ల నివాసం అడిగినా, అక్కడ సమయం వెచ్చించకపోవడమే మేలు. రిక్రూటింగ్ ఏజెన్సీకి లైసెన్సు ఉన్నా, మిమ్మల్ని వేరే సంస్థలో మామూలు పనికి పంపేటట్లయితే ఆ ఏజెన్సీ స్పాన్సర్ చేయడానికి నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు.

మొదటి ఫోన్ సంభాషణలోనే మీ ప్రస్తుత వీసా, దాని గడువు చెప్పి, ఈ ఉద్యోగానికి ఏ వృత్తి కోడ్ వాడతారు, వీసా దరఖాస్తుకు కంపెనీ ఇవ్వాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు ఆమోదం ఉందా అని అడగండి. కోడ్ పేరు చెప్పగలిగినవారు ఇదివరకు ఈ పని చేసి ఉండే అవకాశం ఎక్కువ. ప్రొబేషన్ ముగిశాక చూద్దామంటే, ఆ తేదీకి మీ వీసా ఇంకా మిగిలి ఉంటుందో లేదో లెక్క చూసుకుని, ఆ మాటను రాతపూర్వకంగా కోరండి. సర్టిఫికెట్ రుసుమును గాని, స్పాన్సర్ చేసే కంపెనీ ప్రభుత్వానికి కట్టాల్సిన ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్‌ను గాని మిమ్మల్నే కట్టమని అడిగితే అక్కడితో ఆగిపోవాలి, ఎందుకంటే ఆ ఖర్చులను ఉద్యోగిపై మోపితే కంపెనీ లైసెన్సు రద్దయ్యే ప్రమాదం ఉంది, దానితోపాటు మీ వీసాకూ ముప్పు వస్తుంది.