ఆఫీసు క్యాంటీన్‌లో మంచి తిండి కోసం మేనేజ్‌మెంట్‌కి ఉత్తరం రాయడం ఎలా?

"ఆరోగ్యకరమైన ఆహారం పెట్టించండి" అని మాత్రమే రాస్తే ఆ ఉత్తరం ఫైల్లో పడి ఉంటుంది. ఏం మార్చాలో, కాంట్రాక్టర్‌కి అది ఎలా కుదురుతుందో కూడా రాస్తేనే పని జరుగుతుంది. కాకినాడలో ఒక ఆఫీసు అనుకుందాం.

1. వారం రోజులు మెనూ రాసుకోండి. సాయంత్రం నాలుగింటికి బజ్జీలు, పునుగులు, సమోసాలు, మళ్లీ బజ్జీలు. టీలో పంచదార ముందే కలిపేసి ఉంటుంది. భోజనం జోలికి ఇప్పుడే పోవద్దు. చాలామంది ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటారు, పైగా అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో రుచి. నాలుగింటి టిఫిను ఒక్కటే పట్టుకోండి.

2. ఉత్తరానికి ముందే క్యాంటీన్ ఆయనతో మాట్లాడండి. ఇది మానేసేవాళ్లే ఎక్కువ. శనగల గుగ్గిళ్లు అడిగితే "సాయంత్రానికి పాడైపోతాయండీ" అంటారు. ఆయన మాటా నిజమే. మన ఉక్కపోతకి పొద్దున ఉడికించి కొబ్బరి కలిపి మూత పెడితే సాయంత్రానికి జిగురొచ్చి పులిసిన వాసన వేస్తాయి. రాత్రి నానబెట్టి, మధ్యాహ్నం వంట అయ్యాక కుక్కర్‌లో పెట్టి, వడ్డించే ముందు పోపు వేసి కొబ్బరి చల్లితే ఆ ఇబ్బంది ఉండదు. అరటిపళ్లు రావులపాలెం మార్కెట్ నుంచి వస్తాయి కాబట్టి దొరకవన్న మాటే లేదు. కానీ వారానికి సరిపడా ఒకేసారి దించితే అన్నీ కలిసి మగ్గిపోతాయి. వారానికి రెండుసార్లు, దోరగా ఉన్నవి తెప్పించమనండి.

3. ఇక ఉత్తరం. ఒక్క పేజీ దాటనివ్వకండి.

*గౌరవనీయులైన హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,*

*మన క్యాంటీన్‌లో సాయంత్రం టిఫిను వారమంతా నూనెలో వేయించినదే ఉంటోంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏమీ తినలేకపోతున్నారు. ఒక నెల ప్రయోగంగా ఈ మార్పులు చేయించమని కోరుతున్నాం.*

*వారంలో మూడు రోజులు గుగ్గిళ్లు లేదా ఉడికించిన వేరుశనగలు, అరటిపండు ఇవ్వాలి. మిగతా రోజుల్లో బజ్జీలు యథావిధిగా ఉండవచ్చు. టీలో పంచదార విడిగా పెట్టాలి. బజ్జీలు వేసిన నూనెను మర్నాటికి వాడకూడదు. నూనెను మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఈ వంట తమకు వీలవుతుందని క్యాంటీన్ వారు చెప్పారు. ప్లేటు ధర వారితో మాట్లాడి ఖరారు చేయగలరు.*

*ఇట్లు,*
*ఈ కింద సంతకాలు చేసిన ఉద్యోగులు*

బజ్జీలు పూర్తిగా తీసేయమని మాత్రం రాయకండి. వాన పడే సాయంత్రం అవి కావాలనేవాళ్లు మీకు ఎదురు తిరుగుతారు, వాళ్ల సంతకాలు రావు. జబ్బున్నవాళ్ల పేర్లు కూడా ఉత్తరంలో పెట్టకూడదు.

4. కాంట్రాక్టు రెన్యువల్‌కి రెండు నెలల ముందు ఇవ్వండి. రేట్లు, మెనూ మళ్లీ రాసుకునేది అప్పుడే. కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

5. ఆ నెలంతా రోజూ ఎన్ని ప్లేట్లు అమ్ముడయ్యాయో, ఎంత మిగిలిందో క్యాంటీన్ ఆయన చేతే రాయించండి. గుగ్గిళ్లు మిగిలిపోతుంటే ముందు పోపు సంగతి చూడండి, చప్పగా ఉంటే ఎవరూ తినరు. నెల ఆఖరున ఆ లెక్కల కాగితం జతచేసి, మెనూని కాంట్రాక్టులోనే రాయించమని రెండో ఉత్తరం ఇవ్వండి.